పదకొండుకు పట్టిన నిద్ర మూడింటికి ఎందుకు విడిపోతుంది?

(బెంగళూరు మారతహళ్లి దగ్గర తెలుగు కుటుంబాల ఆదివారం కలయికలో ఒక నిద్ర వైద్యుడు చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి రాసుకున్న పాఠం.)

నమస్కారమండి. వెనక వరసకు వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

ముందే చెప్పేస్తున్నాను, ఇది మందు మానండని చెప్పే ఉపన్యాసం కాదు. పెళ్లిళ్లలో, ఆఫీసు పార్టీల్లో తాగేదాని గురించీ కాదు. ఇవాళ నేను మాట్లాడేది పడుకోబోయే ముందు "నిద్ర కోసం" అని వేసుకునే పెగ్గు గురించి. దాన్ని తాగేవాళ్లు తాగుబోతులు కారు. పొద్దున్నే లేచి పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించి, రింగురోడ్డు ట్రాఫిక్‌లో పడి ఆఫీసుకు పోయేవాళ్లే. వాళ్ల దృష్టిలో అది మందు కాదు, మాత్ర.

నా దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పేది దాదాపు ఒకే కథ. "సార్, నిద్ర పట్టడానికి నాకేం ఇబ్బంది లేదు. పదకొండుకు పడుకుంటే ఐదు నిమిషాల్లో పోతాను. కానీ మూడింటికల్లా కళ్లు తెరుచుకుంటాయి. ఇక మళ్లీ పట్టదు." థైరాయిడ్ చూపించుకుని ఉంటారు, విటమిన్ డి చూపించుకుని ఉంటారు, పరుపు మార్చి ఉంటారు. కారణం ఏమనుకుంటున్నారని అడిగితే "టెన్షన్ సార్" అంటారు. పెగ్గు సంగతి మొదటిసారి చెప్పరు. దాచాలని కాదు. వాళ్ల లెక్కలో అది జబ్బులో భాగం కాదు కదా, చికిత్సలో భాగం. రెండోసారి వచ్చినప్పుడు పక్కన కూర్చున్న భార్య చెబుతుంది: "రోజూ రాత్రి ఓ తొంభై వేసుకుంటారండి, అది లేకపోతే అస్సలు పడుకోరు."

ఆ తొంభైనే పట్టుకుని ఒక రాత్రంతా దాని వెంట నడుద్దాం. మనిషిని నేనే తయారుచేస్తున్నాను, ఎవరూ భుజాలు తడుముకోవక్కర్లేదు. మగవాడు, 70 కిలోలు, నలభై దాటలేదు. అమెరికా వాళ్లతో కాల్ పదింపావుకు అయింది. పదిన్నరకు మొదలుపెట్టి పావుగంటలో 90 మిల్లీలీటర్ల విస్కీ తాగాడు. పదకొండుకు మంచం ఎక్కాడు.

మన దగ్గర విస్కీ, రమ్ము, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే ఆ 90 మిల్లీలీటర్లలో అసలు ఆల్కహాలు 38 మిల్లీలీటర్ల పైచిలుకు. ఆల్కహాలు నీళ్ల కన్నా తేలిక కాబట్టి తూకంలో అది సుమారు 30 గ్రాములు. ఇది ఒంట్లో నీరు ఉన్నచోటల్లా పరుచుకుంటుంది. 70 కిలోల మగవాడిలో అలా పరుచుకోవడానికి 47, 48 కిలోల చోటు ఉంటుంది. భాగిస్తే 100 మిల్లీలీటర్ల రక్తానికి సుమారు 64 మిల్లీగ్రాములు వస్తుంది. బండి నడపడానికి మన చట్టం ఒప్పుకునేది 30. ఇది కాగితం మీది లెక్క. కడుపులో అన్నం ఉంటే నెమ్మదిగా ఎక్కుతుంది, గరిష్ఠం కొంచెం తగ్గుతుంది. కానీ మనకు కావాల్సింది అంత కచ్చితమైన అంకె కాదు, టైము.

కాలేయం ఆల్కహాలును దాదాపు ఒకే వేగంతో కరిగిస్తుంది. ఎక్కువ ఉంది కదా అని తొందరపడదు. చాలామందిలో ఆ వేగం 100 మిల్లీలీటర్ల రక్తానికి గంటకు 15 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. మజ్జిగ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా అది పెరగదు. 64ని 15తో భాగించండి. నాలుగు గంటల పదిహేను నిమిషాలు. పదిన్నరకు మొదలైంది, రెండూ ముప్పావుకు అయిపోతుంది.

అదీ మన మూడు గంటలు. ఎవరి టెన్షనైనా రోజూ సరిగ్గా మూడింటికే లేపడం విచిత్రం కదా? కాలేయానికి మాత్రం అది మామూలు డ్యూటీ టైము.

ఇప్పుడు మొదటి సగం చూద్దాం. నిద్ర త్వరగా పట్టిందన్నది అబద్ధం కాదు, అతని భ్రమా కాదు. ఆల్కహాలు మెదడులో మూడు చోట్ల చెయ్యి పెడుతుంది. మెదడు కణాల్ని నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ఉంది, దాని పనిని పెంచుతుంది. కణాల్ని ఉసిగొల్పే గ్లూటమేట్ అని ఇంకోటి ఉంది, దాని పనిని అణుస్తుంది. ఈ రెండూ చాలామంది ఎక్కడో చదివే ఉంటారు. మూడోది తక్కువమందికి తెలుసు, నిద్ర విషయంలో నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. దాని పేరు అడినోసిన్.

పొద్దున లేచిన దగ్గర్నుంచి మెదడు పనిచేస్తున్నకొద్దీ అడినోసిన్ మెల్లమెల్లగా పోగవుతూ ఉంటుంది. మనల్ని మెలకువగా ఉంచే కణాలు మెదడు అడుగుభాగంలో ముందువైపు ఒక గుంపుగా ఉంటాయి. అడినోసిన్ వాటి నోరు నొక్కుతుంది. రాత్రి పదికి కళ్లు మూతలు పడటంలో పెద్ద వాటా దీనిదే. మనం సాయంత్రం నాలుగింటికి తాగే ఫిల్టర్ కాఫీ చేసేది కూడా ఇక్కడే: అడినోసిన్ వెళ్లి కూర్చోవాల్సిన చోట కెఫీన్ కూర్చుంటుంది. అడినోసిన్ అలాగే ఉంటుంది, దాని మాట మాత్రం చెల్లదు.

ఆల్కహాలు దీనికి ఎదురు పని చేస్తుంది. కణాలు బయట ఉన్న అడినోసిన్‌ను మళ్లీ లోపలికి లాక్కోవడానికి ఒక దారి ఉంది. ఆ దారిని ఆల్కహాలు మూస్తుంది. దాంతో బయట అడినోసిన్ పోగుపడి, మెలకువ కణాలు ఒక్కసారిగా సద్దుమణుగుతాయి. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో మహేశ్ థక్కర్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇది బయటపడింది. అంటే రోజంతా మేలుకుని సంపాదించుకోవాల్సిన నిద్ర బరువును పెగ్గు అరగంటలో తెచ్చిపెడుతుంది. సాయంత్రం కాఫీ, రాత్రి పెగ్గు అలవాటున్నవాళ్లు ఒకే తాళాన్ని రెండు వైపుల నుంచి తిప్పుతున్నారు.

అందుకే మన మనిషికి పదకొండూ ఐదుకే నిద్ర పట్టింది. పట్టడమే కాదు, మొదటి రెండు మూడు గంటలు గాఢనిద్ర మామూలు కన్నా ఎక్కువగానే ఉంటుంది. తలకు తీగలు పెట్టి చూస్తే పెద్ద పెద్ద నెమ్మది అలలు కనిపిస్తాయి. "మొద్దులా పడుకున్నాను" అన్న మాట నిజమే, మొదటి సగం వరకు.

కానీ ఆ సగంలోనే ఒకటి తగ్గిపోతుంది. మామూలుగా నిద్రపట్టిన గంటన్నరకు కలల నిద్ర మొదటిసారి వస్తుంది. మూసిన రెప్పల కింద కళ్లు చకచకా కదులుతాయి, దాన్ని రెమ్ నిద్ర అంటాం. ఆల్కహాలు రక్తంలో ఉన్నంతసేపు దాన్ని వెనక్కి నెడుతుంది. మొదటి విడత ఆలస్యంగా వస్తుంది, వచ్చినా పొట్టిగా ఉంటుంది. 2024లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో, మన మనిషి తాగినంత మోతాదు దగ్గరే రెమ్ మీద దెబ్బ మొదలవుతుందని తేలింది. అదే సమీక్షలో ఇంకో సంగతి ఉంది. నిద్ర త్వరగా పట్టడమనే లాభం స్పష్టంగా కనిపించింది పెద్ద మోతాదుల్లోనేనట, అంటే 70 కిలోల మనిషికి సుమారు క్వార్టర్. 2013లో వచ్చిన ఇంకో సమీక్ష మాత్రం ఏ మోతాదైనా త్వరగా పట్టిస్తుందంది. కొత్త లెక్కే నిజమైతే, ఒక పెగ్గుతో హాయిగా నిద్రపోయేవాళ్లలో కొందరికి పనిచేస్తున్నది పెగ్గు కాదు, పడుకునే ముందు అరగంట ఫోన్ పక్కన పెట్టి కూర్చోవడం. అది నా అనుమానం మాత్రమే.

ఇక మూడు గంటల దగ్గరికి వద్దాం.

మీరు ఒక తలుపును బలంగా నెడుతున్నారనుకోండి. అవతలి మనిషి పడిపోకుండా ఎదురు నెడుతున్నాడు. తలుపు కదలడం లేదు. మీరు హఠాత్తుగా పక్కకు తప్పుకున్నారు. ఏమవుతుంది? అవతలి మనిషి తలుపుతో సహా మీ గదిలోకి దూసుకొస్తాడు. మెదడు చేసేది అదే. ఆల్కహాలు గాబాను పెంచి గ్లూటమేట్‌ను అణుస్తుంటే మెదడు ఊరుకోదు. గాబాకు స్పందించడం తగ్గించుకుంటుంది, గ్లూటమేట్‌కు చెవి పదును చేసుకుంటుంది. ఈ సర్దుబాటు రోజులు పట్టేది కాదు, కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. రెండూ ముప్పావుకు ఆల్కహాలు తప్పుకుంటుంది. ఎదురునెట్టు మాత్రం వెంటనే ఆగదు. కాసేపు మెదడు మామూలు కన్నా ఎక్కువ ఉద్రేకంలో ఉంటుంది. తాగని రాత్రి కన్నా ఎక్కువ మెలకువగా, అన్నమాట.

ఇంతలో అడినోసిన్ కూడా చేతులెత్తేస్తుంది. ఆల్కహాలు పోగానే మూసిన దారి తెరుచుకుంటుంది. పైగా మొదటి సగంలో గాఢనిద్ర గట్టిగా పోయాడు కదా, నిద్ర బరువు చాలావరకు అక్కడే దిగిపోయింది. అసలే తెల్లవారుజాము నిద్ర అందరికీ పలచగానే ఉంటుంది. తాగనివాళ్లకూ అంతే. కాకపోతే వాళ్లను పట్టి ఉంచడానికి కొంత బరువు మిగిలి ఉంటుంది. మన మనిషికి ఆ కొంత కూడా లేదు, పైగా ఎదురునెట్టు ఉంది.

ఒంట్లో మిగతా భాగాలు కూడా అప్పుడే గొడవ మొదలుపెడతాయి. తాగిన కొత్తలో చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుని ఒంట్లో వేడి బయటికి పోతుంది. ఒళ్లు చల్లబడటం నిద్రకు మంచిదే, మొదటి సగానికి అదీ కలిసొచ్చింది. రెండో సగంలో తిరగబడుతుంది, ఉష్ణోగ్రత ఉండాల్సిన దానికన్నా పైన ఉంటుంది. ఉక్కగా ఉందని దుప్పటి తన్నేసి ఫ్యాను పెంచడం, మెడ వెనక చెమట, ఇవన్నీ ఆ టైములోనే. బెంగళూరు డిసెంబరు రాత్రి కిటికీ తెరుచుకుని కూర్చున్నానని చెప్పినవాళ్లున్నారు నాకు. గుండె వేగం చాలా గంటలు పైనే ఉంటుంది. తొక్కిపెట్టిన కలల నిద్ర కొంతమందిలో రెట్టించుకుని వస్తుంది, అందుకే ఆ వేళ వచ్చే కలలు గజిబిజిగా, భయంగా ఉంటాయి. పరీక్ష రాస్తున్నాను, పెన్ను కదలడం లేదు, అలాంటివి. కలల నిద్రలోంచి మెలకువలోకి జారడం గాఢనిద్రలోంచి జారడం కన్నా తేలిక.

మూత్రం సంగతి మాత్రం కొంచెం జాగ్రత్తగా చూడాలి. "మూత్రానికి లేచాను, తర్వాత నిద్ర పట్టలేదు" అంటారు. నీటిని ఒంట్లోనే నిలిపి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే హార్మోను ఉంటుంది, వాసోప్రెసిన్ అని. ఆల్కహాలు రక్తంలో పెరుగుతున్నప్పుడు దాన్ని అణుస్తుంది. కాబట్టి ఎక్కువ మూత్రం తయారయ్యేది మొదటి రెండు మూడు గంటల్లో. సంచి నిండింది ఒంటిగంటకే అయి ఉండొచ్చు. కానీ అప్పుడు గాఢనిద్ర. మూడింటికి నిద్ర పలచబడింది కాబట్టి నిండిన సంచి తెలిసొచ్చింది. అందుకే పడుకునే ముందు నీళ్లు తగ్గించినవాళ్లు కూడా లేస్తూనే ఉంటారు.

(సభలోంచి ఒకాయన: డాక్టరు గారూ, ఇదంతా ల్యాబులో మిషన్లు పెట్టి ఇప్పుడు కనిపెట్టిందేనా? మా తాతల కాలంలో కూడా తాగి పడుకున్నారు కదండీ.)

మంచి ప్రశ్నండి. మిషన్లు లేనప్పుడే కనిపెట్టారు. చికాగో విశ్వవిద్యాలయంలో నథానియల్ క్లీట్‌మన్ అని, నిద్ర పరిశోధనకు పునాది వేసినవాళ్లలో ఒకాయన. ఆయన బృందం 1933లో ప్రచురించిన పని ఒకటుంది. అప్పటికి రెమ్ నిద్ర అనేది ఉందనే ఎవరికీ తెలీదు. అది తెలిసింది కూడా ఆయన ప్రయోగశాలలోనే, 1953లో. 1933లో వాళ్లు చూసింది రెండే: రాత్రంతా మంచం మీద మనిషి ఎంత కదులుతున్నాడు, ఒంటి వేడి ఎంత ఉంది. ఆల్కహాలు ఇచ్చిన రాత్రుల్లో మొదటి సగం కదలికలు తగ్గాయి, రెండో సగం పెరిగాయి. అంతే. తర్వాత తొంభై ఏళ్లలో వచ్చిన పరికరాలన్నీ ఆ రెండు సగాల లోపల ఏముందో చూపించాయి గానీ, ఆ గీతను చెరపలేదు. మీ తాతగారు మూడింటికి లేచి ఉంటే పొలానికి నీళ్లు పెట్టడానికి పోయి ఉంటారు, ఎవరికీ అనుమానం రాలేదు. (నవ్వులు)

మరి ఇంత జరుగుతుంటే మనిషికి ఎందుకు తెలీదు? నాకు ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ఆసక్తిగా ఉండేది ఇదే. మేలు పెగ్గు తాగిన పది నిమిషాలకు కళ్లెదుట కనిపిస్తుంది. కీడు నాలుగు గంటల తర్వాత, చీకట్లో, అతను నిద్రలో ఉండగా మొదలవుతుంది. పైగా చాలా మెలకువలు పది, ఇరవై సెకన్లవి, పొద్దున గుర్తుండవు. గుర్తుండేది మూడింటి మెలకువ ఒక్కటి. అప్పుడు కళ్లు తెరిచి పడుకుంటే మనసులోకి వచ్చేది ఏంటి? ఇంటి లోను, అప్రైజలు, ఊళ్లో అమ్మ మోకాళ్లు. కాబట్టి లేపింది అవేననుకుంటాడు. నిజానికి అవి లేపలేదు, లేచిన మనిషి దగ్గరికి వచ్చి కూర్చున్నాయి.

మర్నాడు అలసటగా ఉంటుంది, రెండు కాఫీలు ఎక్కువ పడతాయి. ఆ కాఫీల వల్ల రాత్రి నిద్ర పట్టదు. నిద్ర పట్టదు కాబట్టి పెగ్గు.

(ఒక యువకుడు: సార్, నేను ఆరు, ఏడింటికే తాగేస్తాను, పడుకునేసరికి దిగిపోతుంది. అప్పుడు ఇబ్బంది ఉండదు కదా?)

ఇందాకటి నా లెక్క వింటే అలాగే అనిపిస్తుంది. రక్తంలో సున్నా అయ్యాకే గొడవ కదా, ఆ సున్నాను మంచం ఎక్కక ముందే దాటేస్తే సరి అని. 1996లో జూరిక్‌లో హాన్స్‌పీటర్ లాండోల్ట్, అలెగ్జాండర్ బోర్బెలీ వాళ్లు అచ్చంగా మీ ప్రశ్నే వేశారు. పది మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లు, వయసు అరవై చుట్టుపక్కల. పడుకోవడానికి ఆరు గంటల ముందు తాగించారు. మోతాదు మన తొంభై కన్నా కొంచెం ఎక్కువ, 70 కిలోల మనిషికైతే 38 గ్రాముల లెక్క. పడుకునే వేళకు ఊపిరిలో ఆల్కహాలు లేదు. అయినా రెండో సగం రాత్రిలో మెలకువగా ఉన్న సమయం తాగని రాత్రితో పోలిస్తే దాదాపు రెట్టింపయింది.

అంటే నా తలుపు కథ పూర్తి కథ కాదు. ఎదురునెట్టు ఒక్కటే అయితే ఆ మనుషులు పడుకునేలోపే అది సద్దుమణగాలి. ఆల్కహాలు వెళ్లిపోయాక కూడా నిద్రను నడిపించే యంత్రాంగంలో ఏదో కొన్ని గంటలపాటు పక్కకు జరిగే ఉంటోంది. కాబట్టి మీకు నా జవాబు: ముందుగా తాగితే కొంత నయమే, కానీ "దిగిపోయింది" అన్నదాన్ని "అయిపోయింది" అని లెక్కవేయకండి. మీరు పాతికేళ్ల వాళ్లు, వాళ్లు అరవై. మీకు అంతే జరుగుతుందని ఆ అధ్యయనం చెప్పడం లేదు. వయసు పెరిగేకొద్దీ రెండో సగం నిద్ర ఎలాగూ పలచబడుతుంది, ఇది దాని మీద పడుతుంది.

(ఒకావిడ: మా ఆయన విస్కీ ముట్టరండి, బీరు మాత్రమే. బీరు తేలికే కదా?)

ఏ బీరమ్మా? స్ట్రాంగా? అయితే లెక్క వేద్దాం. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసా, 8 శాతం. 52 మిల్లీలీటర్ల ఆల్కహాలు, తూకంలో 41 గ్రాములు. ఇందాకటి తొంభై విస్కీలో 30. ఒక్క స్ట్రాంగ్ బీరు సీసా తొంభై విస్కీ కన్నా ఎక్కువ. 5 శాతం మైల్డ్ అయితే పాతిక గ్రాముల పైన. పైగా అర లీటరుకు పైనే నీళ్లు. బాత్రూము ప్రయాణం వేరే చెప్పాలా.

ఆడవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎవరూ అడగరు కాబట్టి. ఒంట్లో నీటిపాలు మగవాళ్ల కన్నా తక్కువ. 55 కిలోల స్త్రీ అదే తొంభై తాగితే ఆల్కహాలు పరుచుకోవడానికి 30 కిలోల చోటే. లెక్క 100 మిల్లీగ్రాములు దాటుతుంది, సున్నా కావడానికి ఆరున్నర, ఏడు గంటలు పడుతుంది. అంటే పొద్దున ఐదు దాటాక. ఆవిడకు మూడింటి మెలకువ స్పష్టంగా ఉండకపోవచ్చు. కలల నిద్ర ఎక్కువగా ఉండే ఆఖరి గంటలు కూడా ఆల్కహాలు కిందే గడిచిపోతాయి. లేచాక నిద్రపోయినట్టే ఉండదు, ఎందుకో అర్థం కాదు. నా దగ్గరికి ఇలా వచ్చేవాళ్లు "రాత్రంతా బాగానే పడుకున్నాను" అనే చెబుతారు.

మీలో చాలామంది చేతికి వాచీలు ఉన్నాయి, చూస్తున్నాను. అది చూపించే గాఢనిద్ర ఇంత, రెమ్ ఇంత అన్న నిమిషాలను పెద్దగా నమ్మకండి. మెదడు అలలు చూడకుండా మణికట్టు నుంచి వేసే అంచనా అది. నాడి మాత్రం బాగానే కొలుస్తుంది. తాగని రాత్రుల్లో నిద్రలో మీ గుండె వేగం ఎంతో చూసుకోండి, తాగిన రాత్రి ఎంతో చూసుకోండి. మామూలుగా 56, 58 ఉండేవాడికి ఆ రాత్రి 65 దగ్గర తచ్చాడుతూ ఉండి, మూడు నాలుగు దాటాక గానీ కిందికి దిగకపోతే, పెగ్గు ఎంతసేపు పని చేసిందో అదే చెబుతోంది. ఒక్క రాత్రి చూసి తేల్చకండి. జ్వరం వచ్చినా, రాత్రి పదకొండుకు బిర్యానీ తిన్నా కూడా నాడి పెరుగుతుంది. తాగిన రాత్రులు కొన్ని, తాగనివి కొన్ని పక్కపక్కన పెట్టాలి. ఆ తాగని రాత్రుల్లో కూడా మొదటి రెండు మూడు లెక్కలోకి తీసుకోకండి. ఎందుకో చెప్తాను.

రోజూ తాగేవాళ్లలో ఈ కథ కాలంతో మారుతుంది. డెట్రాయిట్‌లో టిమొతీ రోర్స్, థామస్ రాత్ అనే ఇద్దరు నిద్ర పరిశోధకులు నిద్రలేమి ఉన్నవాళ్లకు వరసగా ఆరు రాత్రులు పడుకునే ముందు ఆల్కహాలు ఇచ్చారు. మోతాదు దాదాపు మన తొంభై అంతే. మొదట్లో మొత్తం నిద్ర పెరిగింది, గాఢనిద్ర పెరిగింది. ఆరో రాత్రికి ఆ లాభం పోయింది. తర్వాత మీకు కావాల్సినంత తీసుకోండి అంటే, ఆరు రాత్రులు ఆల్కహాలు తాగినవాళ్లు, తాగనివాళ్ల కన్నా ఎక్కువ తీసుకున్నారు. వారం రోజుల్లో, చూడండి. తొంభై క్వార్టర్ కావడానికి చెడు స్నేహాలు అక్కర్లేదు. పడకగది చాలు.

అప్పుడు మానేస్తే ఏమవుతుంది? మొదటి రాత్రి ఘోరంగా ఉంటుంది. మెదడు ఎదురునెట్టడానికి అలవాటుపడి ఉంది, ఇవతల నెట్టేవాడు లేడు. నిద్ర పట్టడానికి గంటన్నర పట్టొచ్చు, కలలు ముంచెత్తొచ్చు. "చూశారా, అది లేకపోతే నాకు నిద్రే రాదు" అని మన మనిషి అనేది ఈ రాత్రి చూసే. ఆ రాత్రి అతని అసలు నిద్ర కాదు, పెగ్గు వెనక మిగిలిన నిద్ర. తొంభై దగ్గరే ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. అందుకే నేను వాచీ లెక్కలో మొదటి రాత్రుల్ని వదిలేయమన్నది.

కానీ రోజుకు క్వార్టరు, ఆ పైన ఏళ్ల తరబడి తాగేవాళ్లు నా మాట విని ఇవాళ్టి నుంచి టక్కున ఆపకండి. చేతులు వణకడం, చెమటలు, ఆ పైన రెండు మూడు రోజుల్లో ఫిట్స్, లేనివి కనిపించడం దాకా పోవచ్చు. అది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం. వాళ్లకు వైద్యుడి చేతికింద నెమ్మదిగా దించాలి. ఈ ఊళ్లోనే నిమ్హాన్స్ ఆసుపత్రిలో దానికి ప్రత్యేక విభాగం ఉంది. అలాగే పెగ్గు పనిచేయడం లేదని దానికి తోడు ఆల్ప్రాజోలం, జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్ర కలపొద్దు. రెండూ ఒకే గాబా మీద పనిచేస్తాయి, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

(మొదట అడిగిన ఆయన: మరి గురక ఉన్నవాళ్లకు ఇంకేమైనా తేడా ఉంటుందా సార్? మా తమ్ముడు తాగిన రోజు ఇల్లు లేచిపోతుంది.)

ఉంటుంది, అది నేనే చెప్పాల్సింది. నాలుకను ముందుకు పట్టి ఉంచే కండరం ఒకటి ఉంటుంది. నిద్రలో అందరికీ కొంచెం వదులవుతుంది, ఆల్కహాలుతో ఇంకా వదులవుతుంది. నాలుక వెనక్కి జారి గొంతు దారి సన్నబడితే గురక, మూసుకుపోతే ఊపిరి ఆగుతుంది. ఊపిరి ఆగినప్పుడు మెదడు తట్టి లేపుతుంది, ఒక పెద్ద గుటక లాంటి శబ్దంతో మళ్లీ మొదలవుతుంది. ఆల్కహాలు ఆ లేపే పనిని కూడా ఆలస్యం చేస్తుంది కాబట్టి ఒక్కో ఆగడం ఎక్కువసేపు సాగుతుంది, ఆక్సిజను ఇంకా కిందికి పోతుంది. ఇది మూడింటిదాకా ఆగదు, మొదటి సగంలోనే, మొద్దునిద్ర అనుకున్న గంటల్లోనే జరుగుతుంది. మీ తమ్ముడిది రికార్డు చేయండి. అతను తాగిన రోజు పడుకున్న గంట తర్వాత పక్కన ఫోన్ పెట్టండి, తాగని రోజు ఒకసారి పెట్టండి. గురక ఎంత గట్టిగా ఉందన్నది నాకు అక్కర్లేదు. మధ్యలో పది సెకన్లు, ఇరవై సెకన్లు శబ్దం లేకుండా పోయి, తర్వాత ఉలిక్కిపడ్డట్టు ఊపిరి తీసుకుంటున్నాడా అన్నది వినండి. తాగని రోజు కూడా అలా ఉంటే, పెగ్గు సంగతి తర్వాత, ముందు నిద్ర పరీక్షకు తీసుకురండి.